అసింప్టోట్‌ని దాటిన గీత

ఇంటర్నల్స్ ముందు రోజు రాత్రి మా జూనియర్ ఒకడు నోట్సు పట్టుకుని రూమ్‌కి వచ్చాడు. "అన్నా, గ్రాఫ్ వేసేశాను. అన్నీ ఉన్నాయో లేదో ఒక్కసారి చూడవా" అన్నాడు. వాడు వేసింది ఈ ఫంక్షన్‌కి:

y = x(x − 3)/(x − 1)²

స్కెచ్ గీసి, అక్షాలను ఎక్కడ తాకుతుందో, అసింప్టోట్లు ఏవో, టర్నింగ్ పాయింట్లు ఏవో గుర్తించమని ప్రశ్న.

బొమ్మ చూడ్డానికి శుభ్రంగా ఉంది. x = 1 దగ్గర నిలువుగా చుక్కల గీత, y = 1 దగ్గర అడ్డంగా ఇంకో చుక్కల గీత. ఎడమవైపు ముక్క y = 1 కిందనుంచి మొదలై, (0, 0) గుండా దిగి, x = 1 దగ్గర పాతాళానికి పోయింది. కుడివైపు ముక్క పాతాళంలోంచి లేచి, (3, 0) దాటి, y = 1 కిందుగా సాగిపోయింది. పక్కన "టర్నింగ్ పాయింట్లు లేవు" అని రాశాడు.

కుడివైపు ముక్క మొత్తం కరెక్టే. అక్షాల మీది బిందువులూ కరెక్టే. లవాన్ని సున్నా చేస్తే x = 0, x = 3 వస్తాయి. x = 0 పెడితే y కూడా సున్నాయే, కాబట్టి y అక్షం మీద వేరే బిందువేదీ లేదు. నిలువు అసింప్టోట్ కూడా సరిగ్గానే పెట్టాడు. హారంలో ఉన్నది వర్గం కాబట్టి రెండు పక్కలా గీత ఒకే వైపు పోవాలి. x = 0.9 దగ్గర y విలువ −189, x = 1.1 దగ్గర −209. రెండూ కిందకే. తప్పంతా ఎడమవైపు, y = 1 దగ్గర ఉంది.

అక్కడ తప్పుందని ఎలా తెలుస్తుంది? చాలామంది "x పెద్దదైతే y ఒకటికి దగ్గరవుతుంది" అన్నంతవరకే చూసి ఆగిపోతారు. పైనుంచి దగ్గరవుతుందా, కిందనుంచా అన్నది చూడరు. అది చూడాలంటే ఫంక్షన్‌లోంచి 1 తీసేయాలి. అప్పుడు మిగిలేది ఇంతే:

y − 1 = −(x + 1)/(x − 1)²

హారం వర్గం కాబట్టి ఎప్పుడూ ధనాత్మకం. గుర్తు నిర్ణయించేది −(x + 1) ఒక్కటే. x కుడివైపు దూరం పోతే అది రుణాత్మకం, అంటే గీత y = 1 కింద ఉంటుంది. ఎడమవైపు దూరం పోతే ధనాత్మకం, అంటే గీత పైన ఉండాలి. మావాడు కింద గీశాడు. నమ్మకం కుదరకపోతే x = −10 పెట్టి చూడండి: 130/121 వస్తుంది, ఒకటి కన్నా ఎక్కువ. ఇక x = −1 దగ్గర y − 1 సరిగ్గా సున్నా. అంటే గీత (−1, 1) దగ్గర ఆ చుక్కల గీతను అడ్డంగా కోసేస్తుంది.

ఇది చెప్పగానే వాడు "అసింప్టోట్‌ని గీత దాటకూడదు కదన్నా" అన్నాడు. ఈ అపోహ వాడొక్కడిది కాదు, ఫస్టియర్‌లో నాకూ ఉండేది. పేరులోనే కొంత చిక్కుంది. గ్రీకులో ఆ మాటకి "కలిసి పడనిది" అని అర్థం. తెలుగు మీడియం పుస్తకాల్లో "అనంతస్పర్శరేఖ" అంటారు, నాకు ఆ పేరే నచ్చుతుంది. అనంతంలో తాకుతుంది అంటోంది తప్ప, మధ్యలో దాటకూడదని ఎక్కడా అనట్లేదు. నిలువు అసింప్టోట్‌ని ఇలాంటి ఫంక్షన్ దాటలేదు, ఎందుకంటే అక్కడ హారం సున్నా, ఫంక్షన్‌కి విలువే లేదు. అడ్డంగా ఉన్నదానికి అలాంటి రక్షణ ఏమీ లేదు.

ఇప్పుడు అసలు సంగతి. గీత ఎడమవైపు చాలా దూరంలో y = 1 కి కాస్త పైన, దాన్ని దాదాపు ఆనుకుని ఉంది. కుడివైపుకి వస్తూ (−1, 1) దగ్గర కిందకి దిగింది. మధ్యలో తెగకుండా సాగుతూ, రెండు కొసల్లోనూ ఒకటి దగ్గర ఉండి, మధ్యంతా ఒకటి కన్నా పైన ఉందంటే, ఎక్కడో ఒకచోట అది ఎక్కి దిగి తీరాలి. అంటే x = −1 కి ఎడమవైపు ఒక గరిష్ఠం ఉంది. డిఫరెన్షియేషన్ చేయకముందే ఇంతవరకు చెప్పేయొచ్చు. అయితే ఈ వాదన కనీసం ఒకటుందని మాత్రమే చెబుతుంది. ఎన్ని ఉన్నాయో, ఎక్కడున్నాయో చెప్పదు. దానికి లెక్క చేయాల్సిందే.

క్వోషెంట్ రూల్ వేస్తే లవంలో (2x − 3)(x − 1)² − 2(x − 1)(x² − 3x) వస్తుంది. మావాడు ఇక్కడిదాకా వచ్చాడు. దీన్ని సున్నా చేసి x = 1 కనుక్కున్నాడు, "అది అసింప్టోట్ కదా, కాబట్టి టర్నింగ్ పాయింట్ లేదు" అని కొట్టేశాడు. (x − 1) ని ఉమ్మడిగా బయటికి తీసి కొట్టేస్తే మిగిలినదాంట్లో x² పదాలు పోయి x + 3 మాత్రమే మిగిలేది.

dy/dx = (x + 3)/(x − 1)³

x = −3 దగ్గర సున్నా. అక్కడ y = 18/16, అంటే 9/8. −3 కి ఎడమవైపు dy/dx ధనాత్మకం, −3 నుంచి 1 దాకా రుణాత్మకం, కాబట్టి గరిష్ఠమే. 1 దాటాక మళ్ళీ ధనాత్మకం, కానీ మధ్యలో గీత తెగిపోయింది కాబట్టి x = 1 ని కనిష్ఠం అనకూడదు.

డిఫరెన్షియేషన్‌లో తప్పు చేశామేమో అని అనుమానం ఉంటే, దానితో సంబంధం లేని ఇంకో దారి ఉంది. పరీక్షలో రెండు నిమిషాలు మిగిలితే నేను చేసేది ఇదే. y = k అనే అడ్డగీత ఈ గీతను ఎక్కడ తాకుతుందో అడగండి. x² − 3x = k(x − 1)² ని సర్దితే

(1 − k)x² − (3 − 2k)x − k = 0

దీని డిస్క్రిమినెంట్ విప్పితే k² పదాలు రద్దయి 9 − 8k మిగులుతుంది. x కి నిజమైన విలువ ఉండాలంటే k విలువ 9/8 మించకూడదు. ఇందాకటి 9/8 యే మళ్ళీ వచ్చింది! k = 1 అయితే x² పదం పోయి ఒకే మూలం, x = −1, మిగులుతుంది. మనం చూసిన దాటే బిందువు అదే. హారం, లవం రెండూ క్వాడ్రాటిక్ కన్నా పెద్దవి కానప్పుడే ఈ పద్ధతి ఇంత సుఖంగా నడుస్తుంది. క్యూబిక్ వస్తే వదిలేయండి.

ఇంకో తనిఖీ: లవానికీ హారానికీ ఉమ్మడి కారణాంకం ఉందేమో. ఇక్కడ లేదు. కానీ x(x − 1)/((x − 1)(x + 1)) లాంటిదైతే x = 1 దగ్గర అసింప్టోట్ ఉండదు, (1, 1/2) దగ్గర చిన్న ఖాళీ మాత్రమే ఉంటుంది. అక్కడ చుక్కల గీత గీస్తే తప్పు.

"మరి యాప్‌లో వేసి చూస్తే నాకు ఆ గుట్ట కనిపించలేదే" అన్నాడు మావాడు. కనిపించదు. −10 నుంచి 10 దాకా తెర మీద 1/8 ఎత్తు ఎంతుంటుంది? గ్రాఫ్ పేపర్ మీద ఒక సెంటీమీటరుకి ఒక యూనిట్ తీసుకున్నా అది మిల్లీమీటరు పైన ఇంకో పావు, పెన్సిల్ మందంలో కలిసిపోతుంది. y అక్షాన్ని 0.8 నుంచి 1.2 దాకా జూమ్ చేస్తేనే బయటపడుతుంది. జవాబు పత్రంలో మాత్రం స్కేలు పట్టించుకోకుండా ఆ గుట్టను కాస్త పెద్దదిగానే గీసి, పక్కన (−3, 9/8) అని రాయాలి. అడిగింది స్కెచ్ కాబట్టి ఎత్తు కొలతకి సరిపోకపోయినా ఫర్వాలేదు. గుట్ట దిగాక గీత (−1, 1) గుండా పోవాలి, ఆ బిందువు పేరు కూడా రాయాలి.

మావాడు రబ్బరు తీసి ఎడమవైపు ముక్క మొత్తం చెరిపి మళ్ళీ గీశాడు. ఈసారి గుట్ట ఎంత పెద్దగా వేశాడంటే, దాని శిఖరం దాదాపు y = 2 దాకా పోయింది. పక్కన 9/8 అని రాసి ఉంది కాబట్టి వదిలేశాను.