గ్లాసు నీళ్లలో వెంట్రుక: తేలితే ఏంటి, మునిగితే ఏంటి?

గ్లాసు నిండా నీళ్లు పోసి, అందులో ఒక వెంట్రుక వేసి, నాలుగు నిమిషాలు ఆగి చూడమంటారు. పైన తేలితే లో పోరాసిటీ, అడుక్కి మునిగితే హై పోరాసిటీ, మధ్యలో వేలాడితే నార్మల్. ఆ ఫలితాన్ని బట్టి షాంపూ, కండిషనర్, నూనె ఎంచుకోవాలట. జుట్టు గురించి మాట్లాడే వీడియోల పుణ్యమా అని ఈ పరీక్ష ఇప్పుడు హాస్టల్ గదుల్లో సైతం జరుగుతోంది. పోరాసిటీ అన్నది నిజమే. దాన్ని బట్టి తలస్నానం పద్ధతి మారాలన్నదీ నిజమే. అనుమానమల్లా ఆ గ్లాసు మీదే.

పోరాసిటీ అంటే వెంట్రుక నీటిని ఎంత తేలిగ్గా లోపలికి రానిస్తుందన్నది. వెంట్రుక పైభాగమంతా సన్నని పొలుసులు ఉంటాయి. పెంకుటింటి కప్పు మీద పెంకుల్లాగా ఒకదాని అంచు మీద ఒకటి, కుదురు నుంచి కొసవైపు వాలి ఉంటాయి. దీన్నే క్యూటికల్ అంటారు. ఆ పొలుసుల మీద కంటికి కనిపించని కొవ్వు పొర ఒకటి అంటుకుని ఉంటుంది. అది మనం రాసుకునే నూనె కాదు, వెంట్రుకతో పాటే పుట్టేది. మామూలు షాంపూతో ఊడిపోదు. ఆ పొర ఉన్నంతకాలం నీళ్లు పడితే వెంట్రుక త్వరగా తడవదు, చుక్కలు జారిపోతాయి. బ్లీచ్, హెయిర్ కలర్, రీబాండింగ్‌లలో వాడే రసాయనాలు ఆ పొరను లాగేస్తాయి. ఎండ, ఐరనింగ్ కూడా నెమ్మదిగా అదే పని చేస్తాయి. పొర పోయాక పొలుసుల అంచులు లేస్తాయి, విరుగుతాయి. అప్పుడు నీళ్లు సులువుగా లోపలికి దిగుతాయి, వెంట్రుక ఉబ్బుతుంది, ఆరాక గరుకుగా తేలుతుంది, పక్క వెంట్రుకతో చిక్కుపడుతుంది. హై పోరాసిటీ అంటే ఇదే.

ఈ పొలుసుల విలువ తెలిసినవాళ్లు జుట్టు వ్యాపారులు. తిరుమల కల్యాణకట్టలో తీసిన జుట్టుకు విగ్గుల మార్కెట్లో గిరాకీ ఉండటానికి ఒక కారణం, పొడవాటి జుట్టు కట్టలుగా దొరికి, పొలుసులన్నీ ఒకే దిక్కుకు వాలి ఉండటం. దువ్వెనలోంచి ఏరిన జుట్టులో కుదుళ్లూ కొసలూ కలిసిపోయి చిక్కుపడతాయి. అందుకని దాన్ని యాసిడ్‌లో వేసి పొలుసులు తీసేసి, పైన సిలికాన్ పూత పూస్తారు. కొన్ని తలస్నానాలకు ఆ పూత పోతుంది, విగ్గు జడలు కడుతుంది.

ఇక గ్లాసు దగ్గరికి వద్దాం. వెంట్రుక సాంద్రత నీటికంటే దాదాపు 1.3 రెట్లు ఎక్కువ. లెక్క ప్రకారం ఏ వెంట్రుకైనా మునగాలి. తేలుతోందంటే నీటి ఉపరితలం దాన్ని మోస్తోందన్నమాట. వేలితో కాస్త అదిమితే ఎంత ఆరోగ్యంగా ఉన్న వెంట్రుకైనా అడుక్కి పోతుంది. దానికి నూనె జిడ్డు ఉన్నా, కండిషనర్ అంటుకుని ఉన్నా, గాలి బుడగ ఒకటి పట్టుకున్నా తేలుతుంది. తల మీద సుమారు లక్ష వెంట్రుకలుంటే, ఒకే ఒక్కదాన్ని, అందులోనూ ఏదో ఒక ముక్కను వేసి తీర్పు చెప్పేస్తున్నాం. నా మటుకు నేను ఈ పరీక్షను పూర్తిగా పక్కన పెట్టమంటాను.

తలారబెట్టుకోవడానికి పట్టే సమయాన్ని బట్టి చెప్పేయొచ్చు అనే మాట కూడా అంతే. విశాఖలో సాయంత్రం ఆరే జుట్టుకూ, అనంతపురంలో మధ్యాహ్నం ఆరే జుట్టుకూ పోలిక ఏముంది? ఒత్తుగా ఉన్న జుట్టు ఆలస్యంగా ఆరుతుంది, దానికి పోరాసిటీతో పని లేదు. పైగా దెబ్బతిన్న వెంట్రుక నీళ్లు ఎక్కువ తాగుతుంది కాబట్టి అదే ఎక్కువసేపు తడిగా ఉండొచ్చు.

ఇంట్లో నమ్మదగ్గ పరీక్ష చాలా చిన్నది. ఇస్త్రీకి నీళ్లు చల్లే స్ప్రే బాటిల్ చాలు. ముందురోజు షాంపూతో తలస్నానం చేయాలి. కండిషనర్, సీరం, నూనె ఏవీ పెట్టకూడదు. మర్నాడు పూర్తిగా ఆరిన జుట్టులోంచి పెన్సిల్ మందాన ఒక పాయ తీసి, వెలుతురులో అద్దం ముందు పట్టుకోవాలి. జానెడు దూరం నుంచి కుదుళ్ల దగ్గర ఒకసారి, మధ్యలో ఒకసారి, కొసల దగ్గర ఒకసారి మంచి నీళ్లు చల్లి ఒక నిమిషం గమనించాలి. నీళ్లు ముత్యాల్లా నిలిచి, పాయను విదిలిస్తే రాలిపోతే అక్కడ పొర బాగుందని. చల్లిన వెంటనే చుక్కలు మాయమై, పాయ నల్లబడి మెత్తగా వాలిపోతే అక్కడ పొర పోయిందని. తర్వాత మరో పొడి పాయను రెండు వేళ్ల మధ్య పట్టుకుని కొస నుంచి కుదురు వైపు నిమరాలి. పొలుసులకు ఎదురు వెళ్తున్నాం కాబట్టి కాస్త గరుకు ఎవరికైనా తగులుతుంది. చూడాల్సింది పైభాగానికీ కిందిభాగానికీ తేడా. కొసల దగ్గర వేళ్లు ఆగి ఆగి వెళ్తుంటే స్ప్రే చెప్పిన మాటే నిజమని. చెవి దగ్గర, మెడ వెనక, నడినెత్తిన పాయలు తీసి చూస్తే ఇంకా మంచిది. ఎండ తగిలే పైజుట్టుకూ లోపలి జుట్టుకూ కూడా తేడా ఉంటుంది.

ఒకే తలలో రెండు రకాల జుట్టు ఉంటుందన్న సంగతి ఈ పరీక్ష చూపిస్తుంది, గ్లాసు చూపించదు. మా అక్క కూతురి కథ ఇదే. హైదరాబాద్‌లో ఉద్యోగం. నడుము దాకా జుట్టు. రెండేళ్ల కిందట పెళ్లిచూపుల హడావిడిలో స్ట్రెయిటెనింగ్ చేయించుకుంది. ఈమధ్య గ్లాసు పరీక్ష చేసి, వెంట్రుక తేలిందని "లో పోరాసిటీ అంట పిన్నీ, నూనె పెట్టకూడదంట, కండిషనరూ వద్దంట" అని అన్నీ మానేసింది. ఎవరో చెప్పారని షాంపూలో వంటసోడా కూడా కలపడం మొదలుపెట్టింది. నెల తిరిగేసరికి జడ సగం నుంచి కింద చీపురు పుల్లల్లా తయారైంది.

స్ప్రే చల్లి చూశాం. భుజం దాకా చుక్కలు నిలిచాయి. భుజం దాటిన దగ్గర్నుంచి నీళ్లు పడ్డవి పడ్డట్టే ఇంకిపోయాయి. ఆ గీత అక్కడే ఎందుకుంది? వెంట్రుక నెలకు సెంటీమీటరు పైచిలుకు పెరుగుతుంది. రెండేళ్లకు పాతిక నుంచి ముప్పై సెంటీమీటర్లు. నడినెత్తి నుంచి అంత కొలిస్తే సరిగ్గా భుజం దగ్గరికి వస్తుంది. అంటే స్ట్రెయిటెనింగ్ తర్వాత పుట్టిన జుట్టంతా బాగానే ఉంది, ఆ రోజు మందు తగిలిన జుట్టంతా దెబ్బతింది. గ్లాసులో వేసింది పైభాగం ముక్క కాబట్టి తేలింది. వంటసోడా క్షారం. ఉన్న పొలుసుల్ని అది మరింత లేపింది.

అందుకని వాడే వస్తువుల్ని ఒకే తలలో రెండు వాటాలు వేశాం. తలస్నానానికి ముందురోజు రాత్రి రెండు చెంచాల కొబ్బరినూనె, భుజం కింది జుట్టుకు మాత్రమే. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకగలదు. కడిగేటప్పుడు వెంట్రుక నుంచి ప్రొటీన్ పోవడాన్ని అది తగ్గిస్తుందని 2003లో అచ్చయిన ఒక పరిశోధన చూపించింది. పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ ఆ పని చేయలేకపోయాయి. ఆ పరిశోధన చేసింది కొబ్బరినూనె అమ్మే మారికో కంపెనీ వాళ్లేనన్నది గుర్తుపెట్టుకుని చదవాలనుకోండి. నూనె లోపల ఉంటే తడిసినప్పుడు వెంట్రుక ఉబ్బడం తగ్గుతుంది, అదీ దాని ఉపయోగం. తలస్నానం అయ్యాక పైన రాసే నూనె మెరుపు ఇస్తుంది.

షాంపూ మగ్గులో నీళ్లతో కలిపి మాడుకు మాత్రమే పట్టించాలి. జారే నురగ చాలు కొసలకు. కండిషనర్ దీనికి పూర్తిగా తిరగేసి: చెవి కింద మొదలుపెట్టి కొసల దాకా, కొసలకే ఎక్కువ. రెండు మూడు నిమిషాలు ఉంచి, అది ఉండగానే వెడల్పు పళ్ల దువ్వెనతో కొసల నుంచి పైకి చిక్కు తీసి, అప్పుడు కడగాలి. దెబ్బతిన్న చోట వెంట్రుక మీద రుణావేశం ఎక్కువగా ఉంటుంది. కండిషనర్లో ఉండేవి ధనావేశపు పదార్థాలు. కాబట్టి అవి వెతుక్కుని వెళ్లినట్టు అక్కడే ఎక్కువగా అతుక్కుంటాయి. సీసా మీద సెట్రిమోనియం, బెహెంట్రిమోనియం, అమోడైమెథికోన్ అన్న పేర్లు కనిపిస్తే ఆ పని చేసేవి అవే. వాటికోసం వేలకు వేలు పెట్టక్కర్లేదు, మామూలు కొట్లో దొరికే కండిషనర్లలోనూ ఉంటాయి.

పొర బాగున్న జుట్టు, అంటే లో పోరాసిటీ, ఒక సమస్య అన్నట్టు ఇప్పుడు విడిగా సరుకు అమ్ముతున్నారు. అది సమస్య కాదు, రసాయనాల జోలికి పోని జుట్టు ఎక్కువగా అలాగే ఉంటుంది. దానికి కావాల్సినవి రెండే. తలస్నానానికి గోరువెచ్చని నీళ్లతో జుట్టును బాగా తడవనిచ్చి అప్పుడు షాంపూ పెట్టడం, చిక్కని క్రీములు బట్టర్లు మానేసి పల్చని కండిషనర్ కొద్దిగా వాడటం. చిక్కనివి లోపలికి వెళ్లవు, పైన పేరుకుని జుట్టు జిడ్డోడుతుంది.

కుంకుడుకాయ సంగతి చాలామంది అడుగుతారు. కుంకుడు రసం కొద్దిగా ఆమ్లగుణం ఉన్నది, ఒంటి సబ్బులా క్షారం కాదు. కాబట్టి పొలుసులకు దానివల్ల ఆ హాని లేదు. కానీ మురికినీ జిడ్డునీ గట్టిగా లాగుతుంది, బదులుగా ఏమీ పూయదు. అందుకే మన పెద్దవాళ్లు రసంలో మందారాకు నలిపి కలిపేవాళ్లు. ఆ జిగురే చిక్కు తీసేది. రంగు వేసిన జుట్టుకైతే కుంకుడు తర్వాత కండిషనర్ తప్పనిసరి. ఒంటి సబ్బుతో తల రుద్దుకోవడం మాత్రం ఏ జుట్టుకీ మంచిది కాదు. బోరు నీళ్లు తోడైతే సబ్బు విరిగి తెల్లటి మడ్డి జుట్టుకు పట్టుకుంటుంది. ఆర్వో మిషన్ నుంచి బయటికి పోయే నీళ్లను పారబోయడమెందుకని తలస్నానానికి పట్టుకునేవాళ్లూ ఉన్నారు. వాటిలో ఉప్పులు బోరు నీళ్లకంటే చిక్కగా ఉంటాయి, గిన్నెలు తోమడానికో ఇల్లు కడగడానికో వాడుకోండి.

కొన్ని వారాలకు మా అమ్మాయి జుట్టు చిక్కు పడటం తగ్గింది. కొసలు మాత్రం బాగుపడలేదు, బాగుపడవు కూడా. వెంట్రుక ప్రాణం లేనిది, పోయిన పొలుసు మళ్లీ మొలవదు. ఏ సీసా మీద రిపేర్ అని రాసున్నా అది పైపూతే, కడిగితే పోయేదే. మూడు నెలలకోసారి కాస్త కత్తిరిస్తూ, కొత్త జుట్టును కాపాడుకుంటూ రావడమే దారి. ఇంకో మాట. జుట్టు కుదుళ్లతో సహా రాలుతుంటే ఈ పరీక్షలన్నీ పక్కన పెట్టి చర్మ వైద్యుల దగ్గరికి వెళ్లండి. రక్తహీనతో, థైరాయిడో, చుండ్రో ఏదో కారణం అయివుంటుంది. పోరాసిటీకి ఆ రాలడంతో సంబంధం లేదు.