80 వడ్డీ, 1,100 వాపసు: ఈ డిబెంచర్‌కు ఎంత పెట్టొచ్చు?

ఒక కంపెనీ డిబెంచర్ అమ్మకానికి వచ్చిందనుకుందాం. ముఖ విలువ 1,000 రూపాయలు. ఏటా 8 శాతం వడ్డీ, అంటే 80 రూపాయలు, ఏడాది చివర చేతికొస్తుంది. ఐదేళ్ల గడువు తీరాక కంపెనీ తిరిగిచ్చేది మాత్రం వెయ్యి కాదు, 1,100. అసలు మీద అదనంగా ఇచ్చే ఆ వందనే విమోచన ప్రీమియం అంటారు. కొనే మనిషి తన డబ్బు మీద ఏటా 9 శాతం గిట్టాలనుకుంటున్నాడు. అయితే ఈ పత్రానికి ఇవాళ ఎంత పెట్టొచ్చు?

ఇక్కడ చాలామంది నోటిలెక్క వేసేస్తారు. ప్రీమియం వంద రూపాయలు, గడువు ఐదేళ్లు, కాబట్టి ఏడాదికి ఇరవై. వెయ్యి మీద అది 2 శాతం. వడ్డీ 8 శాతానికి ఇది కలిపితే 10 శాతం. వెయ్యికి కొంటే పది శాతం రాబడి ఖాయమని తేల్చేస్తారు. వినడానికి బాగానే ఉంటుంది గానీ ఆ ఇరవై రూపాయలు ఏ ఏడాదీ మన చేతికి రావు. వంద మొత్తం ఐదో ఏటి చివర ఒక్కసారే వస్తుంది. నాలుగేళ్ల తర్వాత వచ్చే ఇరవై, ఈ ఏడాదే వచ్చే ఇరవైతో సమానం కాదు.

సరిగా చూడాలంటే ప్రశ్నను ఇలా తిప్పాలి: ఏటా చివర ఎంత దాచుకుంటూ పోతే, వడ్డీతో కలిపి ఐదేళ్లకు వంద రూపాయలవుతుంది? 9.65 శాతం వడ్డీ మీద దాస్తే ఏటా 16 రూపాయల 49 పైసలు చాలు. వెయ్యి మీద అది 1.65 శాతం. దానికి 8 కలిపితే 9.65. ఈ పత్రాన్ని వెయ్యికి కొన్నవాడికి నిజంగా గిట్టే రేటు అదే. పదికీ దీనికీ తేడా చిన్నదే అనిపించొచ్చు గానీ, నోటిలెక్క దారి తప్పిన మాట మాత్రం నిజం.

వెయ్యికే 9.65 గిట్టుతోందంటే, 9 శాతం చాలనుకునే మనిషి వెయ్యికి మించి పెట్టొచ్చన్నమాట. ఎంత మించి? దీనికి మామూలు పద్ధతి ఒకటుంది. ఐదు వడ్డీ వాయిదాలనూ చివరి 1,100నూ విడివిడిగా నేటి విలువకు కుదించి కలపడం. అది సరైనదే. అయితే ప్రీమియంతో సర్దిన యాన్యుటీ సూత్రం ఇంకో దారిన పోతుంది. ఆ దారిలో లెక్కతోపాటు కారణం కూడా కనిపిస్తుంది కాబట్టి నాకు అదే నచ్చుతుంది.

మన దగ్గర 1,100 రూపాయలున్నాయనీ, 9 శాతం ఇచ్చే చోట వేశామనీ అనుకోండి. ఏటా 99 రూపాయలు వస్తాయి, ఐదేళ్లకు 1,100 తిరిగొస్తుంది. ఆ పెట్టుబడికి నేటి ధర 1,100. మన డిబెంచర్ కూడా చివర్లో 1,100 ఇస్తుంది. అంతవరకు రెండూ ఒకటే. తేడా మధ్యలోనే ఉంది: అక్కడ ఏటా 99, ఇక్కడ ఏటా 80. అంటే డిబెంచర్‌లో ఏటా 19 రూపాయల చొప్పున ఐదేళ్లు లోటు. ఆ లోటు నేటి విలువ ఎంతో కట్టి 1,100లోంచి తీసేస్తే సరి. సూత్రం చెప్పేది ఇంతే:

```
P = C + (D − C × i) × a
a = (1 − (1 + i)^−n) / i
```

P మనం కట్టాలనుకునే ధర. C చివర్లో తిరిగొచ్చే మొత్తం. D ఏటా వచ్చే వడ్డీ. i మనం కోరే రాబడి. n ఏళ్ల సంఖ్య. a అనేది యాన్యుటీ విలువ, అంటే ఏటా చివర ఒక్కో రూపాయి చొప్పున n ఏళ్లు వచ్చే వరసకు నేటి ధర. 9 శాతం మీద ఐదేళ్లకు అది 3.8897. ఐదు రూపాయలు ఆగి ఆగి తీసుకునే హక్కుకు ఇవాళ నాలుగు రూపాయలు కూడా పలకదు.

ఇప్పుడు అంకెలు వేస్తే, 80లోంచి 99 పోతే మైనస్ 19. దాన్ని 3.8897తో గుణిస్తే 73 రూపాయల 90 పైసలు. 1,100లోంచి అది తీసేస్తే 1,026 రూపాయల 10 పైసలు. మామూలు పద్ధతిలో సరిచూసుకోవచ్చు: వడ్డీల నేటి విలువ 311.17, చివరి 1,100 నేటి విలువ 714.92, కలిపితే 1,026.09. పైసా తేడా దశాంశాలను కుదించడం వల్ల వచ్చిందే.

కొత్తవాళ్లు ఇక్కడ కాస్త తికమక పడతారు. వడ్డీ 8 శాతమే, కోరే రాబడి 9 శాతం. అలాంటప్పుడు పత్రం ముఖ విలువకన్నా తక్కువకు పోవాలి కదా? ప్రీమియం లేకపోతే నిజమే. కానీ ఈ సూత్రంలో ముఖ విలువకు చోటే లేదు. అది పనికొచ్చేది ఏటా 80 రూపాయల వడ్డీ ఎంతో తేల్చేంతవరకే. ఆ తర్వాత పోలిక అంతా 1,100తోనే. 1,100 మీద 80 అంటే 7.27 శాతమే. 9 కోరేవాడికి అది తక్కువ కాబట్టి ధర 1,100 కన్నా దిగువన నిలబడింది, వెయ్యికన్నా దిగువన కాదు.

తప్పులు కూడా సరిగ్గా ఇక్కడే దొర్లుతాయి. ప్రీమియం సంగతి మరిచి అంతటా వెయ్యే వేస్తే ధర 961.10 వస్తుంది. ఇది 65 రూపాయలు తక్కువ, సరిగ్గా ఐదేళ్ల తర్వాతి వందకు నేటి విలువ. ఈ తప్పును కనిపెట్టడం సులువే. దీనికన్నా మోసకారి ఇంకొకటుంది. మొదట 1,100 సరిగానే వేసి, బ్రాకెట్లో మాత్రం అలవాటుకొద్దీ వెయ్యి మీద 9 శాతం, అంటే 90 తీసేస్తారు. అప్పుడు లోటు 10 రూపాయలే అవుతుంది, ధర 1,061.10 వస్తుంది. అసలు ధరకన్నా 35 రూపాయలు ఎక్కువ. అంకె చూస్తే అనుమానం రాదు, వెయ్యికీ పదకొండు వందలకీ మధ్య మర్యాదగా కూర్చుంటుంది. మామూలు పద్ధతిలో ఒకసారి సరిచూసుకుంటే తప్ప ఇది బయటపడదు. C సూత్రంలో రెండుచోట్ల ఉంది, రెండుచోట్లా ఒకే అంకె పడాలి.

కొన్నాక ఏటా ఏం జరుగుతుందో కూడా చూద్దాం. మొదటి ఏడు 1,026.10 మీద 9 శాతం అంటే 92.35 రూపాయలు రావాలి. చేతికొచ్చింది 80. మిగిలిన 12.35 పత్రం విలువలో చేరి అది 1,038.45 అవుతుంది. రెండో ఏడు 93.46 రావాలి, 80 వచ్చింది, విలువ 1,051.91కి చేరింది. అలా మూడో ఏటికి 1,066.58, నాలుగో ఏటికి 1,082.57, ఐదో ఏటి చివర సరిగ్గా 1,100. ప్రీమియం చివర్లో ఊడిపడే బోనస్ కాదని ఈ వరస చూస్తే తెలుస్తుంది. ఏటా అందకుండా మిగిలిపోయిన రాబడే పోగుపడి చివర్లో చేతికొస్తోంది. కంపెనీలు కూడా దీన్ని చివరిదాకా దాచిపెట్టవు. డిబెంచర్లు జారీ చేసిన రోజే ఆ వందను ఒకవైపు జారీపై నష్టంగా, మరోవైపు చెల్లించాల్సిన బాకీగా పద్దుల్లో రాసుకుంటాయని బీకాం చదివినవాళ్లకు తెలిసిందే.

వడ్డీ ఆర్నెల్లకోసారి ఇస్తే సూత్రం మారదు, కాలం కొలత మారుతుంది. D 40 అవుతుంది, n 10 అవుతుంది, i ఆర్నెల్ల రేటు అవుతుంది. గొడవంతా ఈ చివరిదానితోనే. ఏడాదికి నికరంగా 9 శాతం కావాలంటే ఆర్నెల్ల రేటు 4.403, ధర 1,032.95. తొమ్మిదిని రెండుగా చీల్చి 4.5 వేసుకుంటే ధర 1,024.83. ఒకే పత్రం, ఒకే 9 శాతం, రెండు ధరలు. బేరం మొదలెట్టకముందే ఏ తొమ్మిదో అడిగి తెలుసుకోవాలి.

ఈ సూత్రం అసలు సత్తా గడువు ఖాయంగా లేనప్పుడు తెలుస్తుంది. మూడో ఏడాది చివర గానీ, ఐదో ఏడాది చివర గానీ, తనకు నచ్చినప్పుడు 1,100 ఇచ్చి తీర్చేసే హక్కు కంపెనీ ఉంచుకుందనుకోండి. ఇప్పుడు ధర ఏ గడువుకు కట్టాలి? బ్రాకెట్లోని గుర్తు చూస్తే చాలు. మన పత్రంలో అది మైనస్. ఏటా లోటు కాబట్టి లోటేళ్లు ఎక్కువైతే మనకే నష్టం. ఐదేళ్లకు ధర 1,026.10, మూడేళ్లకే తీర్చేస్తే 1,051.91. కంపెనీ ఏది ఎంచుకున్నా 9 శాతం తగ్గకూడదంటే చిన్న అంకెకే, అంటే ఐదేళ్ల లెక్కకే కట్టుబడాలి.

అదే పత్రానికి ఏటా 110 రూపాయల వడ్డీ ఉంటే కథ తిరగబడుతుంది. 110లోంచి 99 పోతే ప్లస్ 11. ఐదేళ్లకు ధర 1,142.79, మూడేళ్లకు 1,127.84. ఇక్కడ ఏటా మిగులు, ఆ మిగులు తొందరగా ఆగిపోతేనే మనకు నష్టం. కాబట్టి మూడేళ్ల లెక్కే క్షేమం. ఐదేళ్ల ధర పెట్టి కొన్నాక మూడో ఏడే కంపెనీ తీర్చేస్తే రాబడి 9కి దిగువకు జారిపోతుంది. వడ్డీ ఎక్కువున్న అప్పును ముందే వదిలించుకోవాలని ఏ కంపెనీకైనా అనిపిస్తుంది, కనుక ఇది ఊరికే చెప్పే జాగ్రత్త కాదు.

సూత్రం చెప్పలేనిది ఒకటుంది. 1,100 వస్తుందన్నది దానికి ముందే ఖాయం. ప్రీమియం పెద్దదయ్యేకొద్దీ రావలసిన సొమ్ములో ఎక్కువ భాగం చివరి రోజు మీదికి పోతుంది. మన కంపెనీలు 2006 నుంచి 2008 దాకా విదేశాల్లో అమ్మిన కన్వర్టబుల్ బాండ్లలో చాలావాటికి ఏటా వడ్డీయే లేదు. అంటే D సున్నా, రాబడంతా ప్రీమియంలోనే. ఏటా 7.5 శాతం చొప్పున ఐదేళ్లు పోగైతే అసలు మీద 43.56 శాతం అవుతుంది. షేరు ధర పెరిగితే ఈ బాండ్లు షేర్లుగా మారిపోతాయి, నగదు ఇవ్వాల్సిన పనే ఉండదని కంపెనీల ధీమా. 2008లో మార్కెట్లు పడ్డాక ఆ ధీమా చెల్లలేదు. గాలిమరలు తయారుచేసే సుజ్లాన్ 2012 అక్టోబరులో 20 కోట్ల డాలర్లకు పైబడిన ఇలాంటి బాండ్ల సొమ్ము గడువుకు కట్టలేకపోయింది.

అందుకే కంపెనీ మీద నమ్మకం తక్కువైతే దాన్ని i లోకే దించాలి. మన పత్రానికే 9 బదులు 12 శాతం కోరితే, రావలసింది ఏటా 132, వచ్చేది 80, లోటు 52. 12 శాతం మీద ఐదేళ్ల a విలువ 3.6048. ధర 912 రూపాయల 55 పైసలు.