వార్తల్లో పదం: హైపరెమెసిస్ గ్రావిడేరమ్

వేవిళ్లు మామూలే. అవి హద్దు దాటితే వైద్యులు వాడే పేరు ఇది. 2023 డిసెంబరులో ‘నేచర్’ పత్రికలో వచ్చిన పరిశోధన, మాయ నుంచి వచ్చే జీడీఎఫ్15 హార్మోను దీనికి ముఖ్య కారణమని తేల్చింది. గర్భానికి ముందు ఆ హార్మోను తక్కువగా ఉన్నవారికి బాధ ఎక్కువ. కాబట్టి ‘అంతా మనసులోనే ఉంది’ అనే అత్తమ్మల మాట చెల్లదు.

తాండూరు దగ్గరి పల్లెలో రెండో నెల గర్భిణి ఉందనుకుందాం. పొద్దున లేవకముందే పడక మీదే గుప్పెడు మరమరాలో, ఎండు రొట్టె ముక్కో తినాలి. ఖాళీ కడుపు వికారాన్ని పెంచుతుంది. ఆ తర్వాత రెండేసి గంటలకు కొద్దికొద్దిగా తినాలి. జొన్న రొట్టె చల్లారాక తింటే వాసన తక్కువ. నీళ్లు తిండితో కాకుండా మధ్యమధ్యలో గుక్కగుక్కగా తాగాలి. అల్లం వికారాన్ని కొంత తగ్గిస్తుంది, వాంతులను అంతగా ఆపదు. పరిశోధనల్లో వాడింది రోజుకు సుమారు 1 గ్రాము శొంఠి పొడి.

ఆమె బరువు 50 కిలోలనుకుంటే, రెండున్నర కిలోలు తగ్గడం ప్రమాద సూచన. రోజంతా నీళ్లు కూడా నిలవకపోయినా, మూత్రం ముదురు రంగుకు మారినా, వాంతిలో రక్తం, జ్వరం, కడుపునొప్పి ఉన్నా వెంటనే తాండూరు లేదా వికారాబాద్ ప్రభుత్వాసుపత్రికి వెళ్లాలి. ఊళ్లో గ్లూకోజు ఎక్కించుకుని ఊరుకోకూడదు. వారాల తరబడి వాంతులైతే ఒంట్లో బి1 విటమిన్ అడుగంటుతుంది. అది ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినవచ్చు. అందుకే ఆసుపత్రిలో ముందు బి1, సెలైన్ ఇస్తారు.