మూడు లెక్కలూ సరిపోయిన అతుకు ఎందుకు చిరిగింది

1988 ఏప్రిల్ 28న హవాయి దీవుల్లోని హిలోలో అలోహా ఎయిర్‌లైన్స్ వారి బోయింగ్ 737 ఎక్కుతున్న ఒక ప్రయాణికురాలికి తలుపు పక్కన విమానం ఒంటి మీద పొడవుగా ఒక పగులు కనిపించింది. అది రివెట్ల వరుస వెంటే సాగింది. ఆమె ఆ సంగతి సిబ్బందికి చెప్పలేదు. హొనొలులు వైపు బయల్దేరిన ఆ విమానం 24,000 అడుగుల ఎత్తుకు చేరేసరికి, ముందు తలుపు వెనక నుంచి దాదాపు 18 అడుగుల పొడవున పైకప్పు ఊడి ఎగిరిపోయింది. నడవలో నిలబడి ఉన్న ఒక విమాన సహాయకురాలు గాలికి బయటికి కొట్టుకుపోయి చనిపోయింది. ప్రయాణికులందరూ బెల్టులు పెట్టుకునే ఉండడంతో బతికారు. పైలట్లు 13 నిమిషాల్లో ఆ విమానాన్ని మావి దీవిలోని కహులుయిలో దించారు.

చిరిగిపోయింది ఇంజనీరింగు పాఠాల్లో మొదట్లోనే వచ్చే ల్యాప్ జాయింటు. ఒక రేకు అంచును ఇంకో రేకు అంచు మీదికి తెచ్చి, రెండింటికీ కలిపి చిల్లులు పెట్టి, రివెట్లు బిగించిన అతుకు. రివెట్టు అంటే ఒకవైపు తల ఉన్న పొట్టి లోహపు కడ్డీ. దాన్ని చిల్లులోంచి దూర్చి రెండో కొసను కొడితే అక్కడా ఒక తల తయారవుతుంది, మధ్యలో కాడ ఉబ్బి చిల్లును నింపేస్తుంది. మన పాత రైలు వంతెనల గర్డర్ల మీద వరసలుగా కనిపించే గుండ్రటి బుడిపెలు ఈ తలలే. వంతెనలో అవి వేడిచేసి కొట్టిన ఉక్కు రివెట్లు, విమానంలో చల్లగా ఉండగానే కొట్టిన అల్యూమినియం మిశ్రమపు రివెట్లు. లెక్క మాత్రం రెండింటికీ ఒకటే.

ఆ అతుకును లాగితే అది తెగే దారులు ముఖ్యంగా మూడు. మొదటిది రివెట్టు కోసుకుపోవడం. పై రేకు ఒకవైపు, కింది రేకు ఇంకోవైపు లాగుతుంటే, రెండూ కలిసే తలంలో రివెట్టు కాడ అడ్డంగా తెగుతుంది. ఇలా తెగిన అతుకును విప్పి చూస్తే చిల్లులు గుండ్రంగానే ఉంటాయి, సగం రివెట్టు ఈ రేకులో, సగం ఆ రేకులో మిగిలి ఉంటుంది. దీన్ని షియర్ అంటారు.

రెండోది నలగడం, దీని పేరు బేరింగ్. రివెట్టు గట్టిదై రేకు పలచగా ఉంటే, రివెట్టు తెగే బదులు తన ముందున్న చిల్లు గోడను నొక్కి నలిపేస్తుంది. గుండ్రటి చిల్లు కోలగా సాగుతుంది, నలిగిన లోహం అంచున గట్టులా లేస్తుంది. అతుకు ఒక్కసారిగా విడిపోదు గానీ వదులవుతుంది. వదులైన రివెట్టు ప్రతి కుదుపుకీ అటూ ఇటూ కదులుతుంటే అక్కడ రాసుకున్న లోహం నల్లటి పొడిగా రాలి, గాలివాటుకు రివెట్టు తల వెనక చారలా పరుచుకుంటుంది. విమానాల మెకానిక్కులు అలాంటి రివెట్టును పొగ చిమ్ముతున్న రివెట్టు అంటారు. ఆ చార కనిపిస్తే అక్కడ ఆగి చూడాల్సిందే.

మూడోది రేకు చిరగడం. చిల్లు పెట్టిన చోట రేకులో లోహం తగ్గిపోతుంది. తపాలా బిళ్ళల మధ్య చిల్లుల వరుస వెంట కాగితం ఎలా విడుతుందో, లాగుడు పెరిగితే రేకు అలాగే ఒక చిల్లు నుంచి పక్క చిల్లుకు చీలుతూ పోతుంది. చిల్లు రేకు అంచుకు మరీ దగ్గరగా పెడితే రివెట్టు ఆ కాస్త లోహాన్నీ చీల్చుకుని బయటికొచ్చేస్తుంది. ఉక్కు పనిలో చిల్లు మధ్య నుంచి రేకు అంచు వరకు రివెట్టు వ్యాసానికి కనీసం ఒకటిన్నర రెట్లు, విమానాల్లో మామూలుగా రెండు రెట్లు వదలడం అందుకే.

ఇప్పుడు ఆ 737 అతుకునే లెక్కవేసి చూద్దాం. విమానం పైకి వెళ్ళాక బయట గాలి పలచబడుతుంది, లోపల మనం ఊపిరి పీల్చేంత గాలి నింపి ఉంచుతారు. తేడా ఎక్కువలో ఎక్కువ చదరపు సెంటీమీటరుకు అర కిలో పైచిలుకు. వినడానికి కొంచెమే. కానీ ఒంటి వ్యాసార్ధం దాదాపు 1.88 మీటర్లు. ఆ రెండూ గుణిస్తే, అతుకు పొడవులో ప్రతి సెంటీమీటరునూ సుమారు 100 కిలోల బలం విడదీయాలని చూస్తోందని తేలుతుంది. రివెట్ల మధ్య దూరం దాదాపు 25 మిల్లీమీటర్లు, వరుసలు మూడు, రివెట్టు వ్యాసం 4 మిల్లీమీటర్లు, రేకు మందం 0.9 మిల్లీమీటర్లు. అంటే 25 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీ మీద 250 కిలోల లాగుడు పడుతుంది. దాన్ని మూడు రివెట్లు సమంగా పంచుకుంటాయనుకుంటే ఒక్కోదానికి 83 కిలోలు.

షియర్ సంగతి చూస్తే, రివెట్టు అడ్డుకోత వైశాల్యం సుమారు 12.6 చదరపు మిల్లీమీటర్లు. ఒక్కో చదరపు మిల్లీమీటరు మీద ఆరున్నర కిలోల భారం. ఇలాంటి రివెట్ల మిశ్రమం సుమారు 20 కిలోల దాకా తెగదు. బేరింగ్ సంగతి చూస్తే, రివెట్టు నొక్కే చోటు వైశాల్యం వ్యాసాన్ని రేకు మందంతో గుణిస్తే వస్తుంది, 3.6 చదరపు మిల్లీమీటర్లు. భారం 23 కిలోలు, ఆ రేకు 60కి పైగా ఓర్చుకుంటుంది. ఇక చిరగడం. పట్టీ వెడల్పు 25లోంచి చిల్లుకు 4 తీసేస్తే 21. దాన్ని మందంతో గుణిస్తే దాదాపు 19 చదరపు మిల్లీమీటర్లు. భారం 13 కిలోలు, తెగడానికి 43 దాకా కావాలి.

మూడు దారుల్లోనూ తట్టుకునే బలం భారానికి దాదాపు మూడు రెట్లు ఉంది. నిజంగా చక్కగా తూచి చేసిన అతుకు ఇది, ఇందులో ఏ ఒక్కదాన్నీ ఇష్టం వచ్చినట్టు పెంచలేం. రివెట్టును 5 మిల్లీమీటర్లకు లావు చేస్తే షియర్ బలం సగానికి పైగా పెరుగుతుంది, కానీ చిల్లు కూడా పెద్దదై రేకులో లోహం తగ్గుతుంది. రివెట్లను దూరం జరిపితే రేకు గట్టిపడుతుంది, కానీ ఒక్కో రివెట్టు మీద భారం పెరుగుతుంది. రేకు మందం పెంచితే బేరింగూ చిరగడమూ రెండూ మెరుగవుతాయి గానీ విమానం బరువెక్కుతుంది.

మరి అంత మిగులున్న అతుకు ఎందుకు చిరిగింది? పైన వేసిన లెక్క ఒక్కసారి లాగితే తెగుతుందా అన్న ప్రశ్నకు జవాబు. ఆ విమానం హవాయి దీవుల మధ్య పొట్టి ప్రయాణాలు చేసేది. అప్పటికి 89,680 సార్లు ఎగిరి దిగింది, మొత్తం గాలిలో గడిపింది 35,000 గంటల పైచిలుకే. సగటున ఒక్కో ప్రయాణం అరగంట కూడా లేదు. ఎగిరిన ప్రతిసారీ ఒంట్లో గాలి నిండుతుంది, దిగిన ప్రతిసారీ ఖాళీ అవుతుంది. అతుకు బిగుసుకోవడం, సడలడం ఒకసారి జరిగినట్టు. లోహం అలసిపోయేది ఇలా మళ్ళీ మళ్ళీ జరిగే లాగుడుకే, గాలిలో గడిపిన గంటలకు కాదు.

అలసట పగులుకు చోటు కూడా అక్కడే సిద్ధంగా ఉంది. లెక్కలో 13 కిలోలన్నది సగటు మాత్రమే. చిల్లు పక్కనే లోహం మీద పడే భారం సగటుకు రెండు మూడు రెట్లుంటుంది. పైగా ల్యాప్ జాయింటులో రెండు రేకులూ ఒకే గీతలో ఉండవు, ఒకటి పైన, ఒకటి కింద. లాగినప్పుడల్లా అతుకు కొంచెం వంగుతుంది, ఆ వంపు భారం కూడా రివెట్ల వరుస మీదే పడుతుంది. బయటి రేకులో పై వరుస దగ్గర లాగుడు ఇంకా ఏ రివెట్టుకూ పంచుకుపోలేదు, 250 కిలోలూ రేకులోనే ఉంటాయి. అందుకే ఆ ఒక్క వరుస మిగతా రెండింటికన్నా ప్రమాదకరం.

ఇంకో సంగతి. గాలికి అడ్డు రాకుండా రివెట్ల తలలు రేకులోకి దిగి చదునుగా ఉండాలని చిల్లు పైభాగాన్ని గరాటు ఆకారంలో చెక్కుతారు. ఇక్కడ రేకు మందం 0.9 మిల్లీమీటర్లే కాబట్టి ఆ గరాటు రేకు అడుగుదాకా దిగింది. చిల్లు అడుగు అంచున నిలువు గోడంటూ మిగల్లేదు, కత్తి అంచులా పలచటి లోహం మాత్రం మిగిలింది. అలసట పగులు మొదలవడానికి అంతకన్నా అనువైన చోటు ఉండదు.

బోయింగ్ ఇంజనీర్లు అసలు భారమంతా రివెట్ల మీద వేయాలనుకోలేదు. రెండు రేకుల మధ్య ఎపాక్సీ పూసిన గుడ్డ పట్టీ పెట్టి అతికించారు. లాగుడు అతుకు వెడల్పంతా పరుచుకుని సాగాలన్నది వాళ్ళ ఆలోచన. కానీ మొదటి 291 విమానాల్లో వాడిన ఈ చల్లటి పద్ధతిలో గుడ్డను చలిలో నిల్వ చేసేవారు. బయటికి తీసినప్పుడు దాని మీద తేమ పడితే, లేదా అంటించకముందే అది గట్టిపడితే, పట్టు సరిగా కుదరదు. అలోహా విమానం ఆ 291లో ఒకటి. జిగురు పట్టు వదిలిన చోట ఉప్పు గాలిలోని తేమ రేకుల మధ్యకు చేరి తుప్పు పట్టించింది. భారమంతా రివెట్ల మీద, వాటి చిల్లుల పదునైన అంచుల మీద పడింది.

ఇక జరిగింది చిరగడమే, కానీ వేల ప్రయాణాల మీద నెమ్మదిగా. ఒక పెద్ద పగులు కాకుండా, పక్కపక్క చిల్లుల్లో చాలా చిన్న పగుళ్ళు ఒకేసారి పెరిగాయి. ఒక పగులు వస్తే ఏమవుతుందో డిజైనర్లు ఆలోచించే ఉన్నారు. ఒంటి లోపల పది అంగుళాలకు ఒకటి చొప్పున అడ్డంగా బలపరిచే పట్టీలు పెట్టారు. పగులు పట్టీ దగ్గరికి వచ్చి పక్కకు తిరిగి, రేకు ఒక చిన్న తలుపులా తెరుచుకుంటుంది, గాలి మెల్లగా పోతుంది. కానీ వరసగా అన్ని చిల్లుల్లోనూ పగుళ్ళుంటే, మొదటిది తెగగానే భారం పక్కదాని మీద పడి అదీ తెగుతుంది. పట్టీలు ఆ పరుగును ఆపలేకపోయాయి.

ఇలాంటి పగుళ్ళు కంటికి ఆలస్యంగా కనిపిస్తాయి. పదునైన అంచు రేకు అడుగున ఉంది, పగులు మొదలయ్యేదీ అక్కడే, మీద రంగు పూసి ఉంటుంది. కాబట్టి తీగచుట్టతో రేకులో సుడి విద్యుత్తు పుట్టించి, పగులు దగ్గర అది ఎలా మారుతుందో మీటరు మీద చూసే పద్ధతి వాడతారు. ప్రమాదానికి ముందే బోయింగ్ అతుకులన్నీ ఇలా పరీక్షించమని సూచించింది. 1987లో అమెరికా విమానయాన సంస్థ ఇచ్చిన తప్పనిసరి ఆదేశం మాత్రం పైకప్పు దగ్గరి కొన్ని అతుకులకే పరిమితమైంది.

292వ విమానం నుంచి బోయింగ్ ఈ అతుకులో బయటి రేకుకు ఇంకో రేకు పొరను వేడి పద్ధతిలో అతికించింది. దాంతో పై వరుస చిల్లుల దగ్గర మందం పెరిగి, గరాటు కింద నిలువు గోడ మిగిలింది. ముందే తయారైన పాత విమానాలకు ప్రమాదం తర్వాత వేరే మందు వేశారు. పై వరుసలోని చదును తలల రివెట్లను తొలగించి, గరాటు అంచు పోయేలా చిల్లును కాస్త పెద్దది చేసి, తల పైకి పొడుచుకుని ఉండే రివెట్లు బిగించారు. చిల్లు పెద్దదైతే లెక్క ప్రకారం రేకులో లోహం తగ్గుతుంది, పొడుచుకొచ్చిన తలలు గాలికి కొంచెం అడ్డు కూడా. ఆ రెండు నష్టాలూ తెలిసే, కత్తి అంచును తీసేయడానికి ఒప్పుకున్నారు.