595, 252 లెక్క: గ.సా.భా వచ్చింది, మరి x, y ఎందుకు రాలేదు?

ఈ ఎపిసోడ్‌లో ఒక్కటే లెక్క. డిగ్రీ చదివే ఒక తమ్ముడు నోట్‌బుక్ పేజీ ఫోటో తీసి పంపాడు. "అన్నా, గ.సా.భా కరెక్టే వచ్చింది, కానీ x, y విలువలు తేడా కొడుతున్నాయి. మా ఫ్రెండ్‌ది ఇంకో ఆన్సర్. ఎల్లుండి ఇంటర్నల్, ఎవరిది రైటో చెప్పు" అని అడిగాడు. ఫోటో స్క్రీన్ మీద పెడుతున్నా, చూడండి.

ప్రశ్న ఇది. 595, 252 ల గ.సా.భా కనుక్కుని, దాన్ని 595x + 252y రూపంలో రాయాలి. x, y పూర్ణాంకాలు, అంటే మైనస్ అయినా పర్లేదు. దీన్నే లీనియర్ కాంబినేషన్ అంటారు. తమ్ముడు ముందుగా వరుసగా భాగహారం చేసుకుంటూ వెళ్ళాడు:

595 = 252 × 2 + 91
252 = 91 × 2 + 70
91 = 70 × 1 + 21
70 = 21 × 3 + 7
21 = 7 × 3 + 0

ఫోటో కాస్త వంకరగా ఉంది, పైగా పేజీ మీద సెల్ నీడ. మూడో లైన్‌లో శేషం 21 నా, 27 నా అనేది నాకు కూడా మొదట తెలియలేదు. ఇలాంటప్పుడు జూమ్ చేసి ఊహించక్కర్లేదు. 70కి 27 కలిపితే 97, 21 కలిపితే 91. ఎడమ పక్క ఉన్నది 91, కాబట్టి అది 21 మాత్రమే. ఈ లైన్లలో ప్రతి ఒక్కటీ తనను తాను చెక్ చేసుకునే సమీకరణం. అది గుర్తుపెట్టుకోండి, ఇంకాసేపట్లో పనికొస్తుంది.

సున్నా రాకముందు వచ్చిన చివరి శేషం 7. అదే గ.సా.భా. ఎందుకంటే మొదటి లైన్ చూడండి. ఒక సంఖ్య 595నీ, 252నీ నిశ్శేషంగా భాగిస్తే, 595 లోంచి రెండు 252లు తీసేయగా మిగిలిన 91ని కూడా భాగించాల్సిందే. తిరగేసి చూస్తే, 252నీ 91నీ భాగించేది 595ని కూడా భాగిస్తుంది. అంటే (595, 252) జతకీ, (252, 91) జతకీ ఉమ్మడి భాజకాలు అచ్చంగా ఒకటే. సంఖ్యలు చిన్నవవుతున్నాయి, భాజకాలు మాత్రం మారట్లేదు. చివరికి (7, 0) దగ్గర ఆగాం, వాటి గ.సా.భా 7. యూక్లిడ్ దాదాపు 2300 ఏళ్ళ కింద రాసిన పద్ధతి ఇదే. మన ఆర్యభటుడు 499లో చెప్పిన, కుట్టకం అని పిలిచే పద్ధతిలోనూ ఇలాంటి వరస భాగహారమే ఉంటుంది.

ఇక్కడిదాకా తమ్ముడు పర్ఫెక్ట్. గొడవ వెనక్కి వచ్చేటప్పుడు మొదలైంది.

వెనక్కి రావడం అంటే, నాలుగో లైన్ నుంచి 7ని విడదీసి రాయడం: 7 = 70 − 3 × 21. ఇప్పుడు 21 బదులు మూడో లైన్ నుంచి (91 − 70) పెట్టాలి. తమ్ముడు బ్రాకెట్ సరిగ్గానే పెట్టాడు, తీసేటప్పుడు దెబ్బ తిన్నాడు. అతని పేజీలో ఇలా ఉంది:

7 = 70 − 3 × (91 − 70)
= 70 − 3 × 91 − 3 × 70
= −2 × 70 − 3 × 91
= −2 × 252 + 1 × 91
= 1 × 595 − 4 × 252

x = 1, y = −4 అని కింద రెండు గీతలు కూడా కొట్టేశాడు. చూడ్డానికి ఎంత నీట్‌గా ఉందో! కానీ వేసి చూడండి: 595 − 1008 = −413. మనకి కావాల్సింది 7.

ఇప్పుడు తప్పు ఎక్కడుందో వెతకాలి. చాలామంది పేజీ కొట్టేసి మొదటి నుంచి చేస్తారు, కంగారులో అదే తప్పు మళ్ళీ చేస్తారు. అలా వద్దు. వెనక్కి వచ్చే ప్రతి లైన్ విలువ 7 అయ్యే తీరాలి, ఎందుకంటే మనం 7నే వేరే వేరే రూపాల్లో రాస్తున్నాం. కాబట్టి ఒక్కో లైన్ విలువ కట్టండి. మొదటి లైన్‌లో బ్రాకెట్ లోపల 21, 70 − 63 = 7, ఓకే. రెండో లైన్: 70 − 273 − 210 = −413. దొరికింది! ఆ తర్వాతి లైన్లన్నీ కూడా −413 అనే వస్తాయి, లెక్కేసి చూస్కోండి. అంటే తర్వాతి పని అంతా అతను సరిగ్గానే చేశాడు, కాకపోతే తప్పు సంఖ్యని మోసుకుంటూ వచ్చాడు. 7 కాకుండా పోయిన మొట్టమొదటి లైన్ దగ్గరే తప్పు ఉంటుంది. మేం కోడ్‌లో బగ్ పట్టుకునేది కూడా ఇలాగే, విలువ ఎక్కడ మారిందో చూసుకుంటూ పోవడం.

తప్పు ఏంటంటే, బ్రాకెట్ ముందు మైనస్ ఉంది, లోపల 70 ముందూ మైనస్ ఉంది. రెండూ కలిసి ప్లస్ అవ్వాలి. సరిచేస్తే ఇలా:

7 = 70 − 3 × 91 + 3 × 70
= 4 × 70 − 3 × 91
= 4 × (252 − 2 × 91) − 3 × 91
= 4 × 252 − 11 × 91
= 4 × 252 − 11 × (595 − 2 × 252)
= 26 × 252 − 11 × 595

x = −11, y = 26. చెక్: 252 × 26 = 6552, 595 × 11 = 6545, తేడా 7. అయిపోయింది.

ఇక్కడ ఒక జాగ్రత్త. మధ్యలో 3 × 91 ని 273 అని గుణించేయొద్దు. గుణిస్తే విలువ తప్పు కాదు, కానీ 91 కనబడకుండా పోతుంది. ఇక దాని బదులు దేన్ని పెడతారు? 70, 91, 252 లాంటివి పేర్లలా అలాగే ఉంచండి, వాటి ముందున్న సంఖ్యల్ని మాత్రమే కలపండి. విలువ కట్టి చూడ్డం పక్కన రఫ్‌లో చేసుకోండి.

ఇక ఫ్రెండ్ సంగతి. అతనిది x = 25, y = −59 అట. చూద్దాం: 595 × 25 = 14875, 252 × 59 = 14868, తేడా 7. అదీ రైటే! తమ్ముడి మొదటి ఆన్సర్ తప్పే, కానీ ఫ్రెండ్‌తో సరిపోలేదు కాబట్టి తప్పు కాదు. ఈ ప్రశ్నకి జవాబులు లెక్కలేనన్ని ఉంటాయి. 252ని 7తో భాగిస్తే 36, 595ని 7తో భాగిస్తే 85. 595 × 36, 252 × 85 రెండూ 21420 కాబట్టి, x కి 36 కలిపి y లోంచి 85 తీసేస్తే మొత్తం మారదు. −11కి 36 కలిపితే 25, 26 లోంచి 85 తీస్తే −59. ఫ్రెండ్ ఆన్సర్ వచ్చేసింది కదా. ఇటు వైపు వెళ్తే −47, 111 కూడా పనిచేస్తుంది.

పేపర్ దిద్దేవాళ్ళ దగ్గర ఉన్న కీలో ఒక్క జతే ఉండొచ్చు. అందుకే మీ జవాబు కింద 6552 − 6545 = 7 అని ఒక లైన్ రాసి పెట్టండి. అప్పుడు కీతో కలవకపోయినా మీది రైటని అక్కడికక్కడే కనబడుతుంది. తమ్ముడూ, నీకు కూడా ఇదే, ఆ లైన్ మర్చిపోకు. ఆ రెండు గీతలు దాని కింద కొట్టుకో.