కణజాల వర్ధనం (అరటి, ఆర్కిడ్)

కణజాల వర్ధనం (టిష్యూ కల్చర్) అనగా మొక్కలోని ఒక చిన్న భాగాన్ని వేరుచేసి, సూక్ష్మజీవులు లేని వాతావరణంలో, పోషక మాధ్యమంపై పెంచే పద్ధతి. ఈ పద్ధతి ద్వారా ఒకే మొక్క నుండి అదే గుణాలు గల అనేక మొక్కలను తయారుచేయడాన్ని సూక్ష్మ వ్యాప్తి అంటారు. ఉద్యాన పంటలలో ఇది అరటి, ఆర్కిడ్ మొక్కలకు ఎక్కువగా ఉపయోగపడుతున్నది. అయితే ఈ రెండింటి అవసరం వేరు. తినే అరటికి మొలకెత్తే విత్తనమే లేదు. ఆర్కిడ్‌కు లెక్కలేనన్ని విత్తనాలున్నా, అవి తమంతట తాము మొలకెత్తలేవు. మొలకెత్తినా తల్లిని పోలిన మొక్కలు రావు.

నేపథ్యం

మొక్కలోని సజీవ కణం తగిన పరిస్థితులలో తిరిగి సంపూర్ణ మొక్కగా ఎదగగలదని 1902లో జర్మన్ భాషలో రాసిన ఆస్ట్రియా శాస్త్రవేత్త గాట్లీబ్ హాబర్లాండ్ ఊహించాడు. ఆయన ప్రయోగాలు మాత్రం ఫలించలేదు. 1957లో స్కూగ్, మిల్లర్ అనే శాస్త్రవేత్తలు పొగాకు కణజాలంపై పనిచేసి ఒక ముఖ్యమైన విషయాన్ని నిరూపించారు. మాధ్యమంలో సైటోకైనిన్ల పాలు ఎక్కువైతే కణజాలం నుండి కొమ్మలు, ఆక్సిన్ల పాలు ఎక్కువైతే వేర్లు పుడతాయి. నేటికీ ప్రయోగశాలలలో మొదట పిలకలను, తరువాత వేర్లను పుట్టించడం ఈ సూత్రం మీదనే జరుగుతుంది. 1962లో మురషిగే, స్కూగ్ రూపొందించిన ఖనిజ లవణాల మిశ్రమం (ఎం.ఎస్. మాధ్యమం) అరటి వర్ధనానికి కూడా ఆధారమైనది.

అరటిలో అవసరం

సాగులో ఉన్న అరటి రకాలు అత్యధికం త్రయస్థితికాలు. అనగా వాటి కణాలలో క్రోమోజోములు మూడు జతపరుపులుగా ఉంటాయి. అందువలన విత్తనాలు ఏర్పడవు. రైతు దుంప నుండి వచ్చే సూది పిలకలను తవ్వి నాటుతాడు. ఒక చెట్టు ఏడాదికి ఇచ్చే మంచి పిలకలు కొద్దిమాత్రమే. వాటి వయస్సు, పరిమాణం ఒకటిగా ఉండవు గనుక గెలలు కూడా వేర్వేరు నెలలలో కోతకు వస్తాయి. పిలకతో పాటు దుంప తొలుచు ముక్కుపురుగు, నులిపురుగులు, పనామా ఎండు తెగులు శిలీంధ్రం కొత్త తోటకు చేరుతాయి. ప్రయోగశాలలో పెంచిన మొక్కకు మట్టితో సంబంధం ఉండదు కనుక, మట్టి ద్వారా వచ్చే ఈ మూడు బెడదలు దానితో తోటలోకి రావు.

దశలు

సన్నాహక దశ: తోటలో మంచి గెల వేసిన, తెగుళ్ళు లేని తల్లి చెట్లను ఎంపిక చేస్తారు. వాటి ఆకుల నమూనాలను ఎలీసా, పి.సి.ఆర్. పద్ధతులలో వైరస్ కోసం పరీక్షిస్తారు. మిగిలిన దశలన్నిటి ఫలితం దీనిపైనే ఆధారపడుతుంది.

ప్రారంభ దశ: సూది పిలక పై పొరలను ఒకటొకటిగా ఒలిచి, లోపలి మొవ్వును కొద్దిపాటి దుంపతో సహా కోస్తారు. దానిని క్రిమిసంహారక ద్రావణంలో ముంచి, శుద్ధజలంతో పలుమార్లు కడిగి, చివరకు సుమారు 1-2 సెంటీమీటర్ల ముక్కను మాధ్యమంపై ఉంచుతారు. లీటరు మాధ్యమంలో లవణాలతో పాటు సుమారు 30 గ్రాముల చక్కెర, గడ్డకట్టుటకు 7-8 గ్రాముల అగార్ ఉంటాయి. దీనిని 121 డిగ్రీల సెల్సియస్ వద్ద ఆటోక్లేవ్‌లో శుద్ధిచేస్తారు. కోసిన అరటి ముక్క నుండి ఫినాల్ పదార్థాలు స్రవించి మాధ్యమాన్ని నల్లబరుస్తాయి. అప్పుడు ముక్కను త్వరగా కొత్త మాధ్యమంలోకి మార్చకపోతే అది చనిపోతుంది.

వృద్ధి దశ: బెంజైల్ అడినిన్ అనే సైటోకైనిన్ చేర్చిన మాధ్యమంలో మొవ్వు చుట్టూ చిన్న పిలకలు పుడతాయి. వాటిని విడదీసి సుమారు నాలుగు వారాలకొకసారి కొత్త సీసాలలోకి మారుస్తారు. గది ఉష్ణోగ్రత 25 డిగ్రీల చుట్టూ, వెలుతురు రోజుకు 16 గంటలు ఉంటుంది. సీసాలో బూజు కనిపిస్తే దానిని వెంటనే తీసివేస్తారు. కణజాలం లోపల దాగిన బ్యాక్టీరియాను గుర్తించడం అంత సులభం కాదు. అది కొన్ని వారాల తరువాత మొక్క మొదట్లో, మాధ్యమంలో పాలవంటి తెల్లని మసకగా బయటపడుతుంది.

వేర్ల దశ: పిలకలను ఒక్కొక్కటిగా విడదీసి ఆక్సిన్ గల మాధ్యమంలో పెడతారు. మూడు నాలుగు వారాలలో వేర్లు వస్తాయి.

గట్టిపరచు దశ: సీసాలోని మొక్క చక్కెరపై ఆధారపడి, తేమ నిండిన గాలిలో పెరిగినది. దాని ఆకులపై మైనపు పొర పలుచగా ఉంటుంది. పత్రరంధ్రాలు సరిగా మూసుకొనవు. అటువంటి మొక్కను నేరుగా ఎండలో ఉంచితే కొద్ది గంటలలోనే వాడిపోతుంది. అందుచేత వేర్లకు అంటిన అగార్‌ను కడిగి, కొబ్బరిపొట్టు నింపిన ట్రేలలో అధిక తేమలో అయిదారు వారాలు పెంచుతారు. అటుపిమ్మట పాలిథీన్ సంచులలోకి మార్చి, నీడవల కింద మరి అయిదారు వారాలు పెంచుతారు. కొత్తగా వచ్చిన ఆకులే బయటి గాలికి తట్టుకొనగలవు. కనుక రైతు కొనేటప్పుడు మొక్క ఎత్తును మాత్రమే గాక, సంచిలో పుట్టిన ఆకులు అయిదారు ఉన్నాయా లేదా అని చూడవలెను.

ఒక ఎకరానికి లెక్క

ఆరడుగుల దూరంలో వరుసలు, ఆరడుగుల దూరంలో మొక్కలు నాటితే ఎకరానికి 1,210 మొక్కలు పడతాయి. వృద్ధి దశలో ప్రతి మార్పిడికి మొక్కలు మూడింతలవుతాయని అనుకుందాము. ఒక మొవ్వు నుండి వరుసగా 3, 9, 27, 81, 243, 729 మొక్కలు వస్తాయి. అనగా ఆరు మార్పిడులలో రెండు మొవ్వుల నుండి 1,458 మొక్కలు తయారవుతాయి. వేర్లు పట్టనివి, గట్టిపరచు దశలో చనిపోయేవి ఆరోవంతు వరకు పోయినా ఎకరానికి సరిపోతాయి. కాలాన్ని లెక్కిస్తే, ప్రారంభానికి నెలన్నర, మార్పిడులకు ఆరు నెలలు, వేర్లకు ఒక నెల, గట్టిపరచుటకు రెండున్నర నెలలు, మొత్తం 11 నెలలు పడుతుంది. వచ్చే జూన్‌లో నాటవలసిన మొక్కకు ఈ జూలైలోనే పని మొదలుకావలెను.

ఈ లెక్కలోనే పద్ధతి యొక్క ప్రమాదం కూడా ఉన్నది. ఆ రెండు మొవ్వులలో ఒకదానిలో వైరస్ ఉంటే, ఎకరంలో దాదాపు 600 మొక్కలు వైరస్‌తోనే తోటకు చేరుతాయి. పిలకలు నాటిన తోటలో ఒక రోగపు పిలక ఒక చెట్టునే పాడుచేస్తుంది.

వైరస్ సమస్య

ప్రయోగశాల మొక్క అనగానే తెగుళ్ళు లేనిదని భావించడం సరికాదు. మొవ్వు కొనన ఉండే విభాజ్య కణజాలంలో, మిల్లీమీటరులో సగం మేర, సాధారణంగా వైరస్ తక్కువగా ఉంటుంది. 1952లో ఫ్రాన్సులో జార్జ్ మోరెల్, మార్టిన్ ఈ భాగాన్ని మాత్రమే పెంచి వైరస్ లేని డాలియా మొక్కలను సాధించారు. వాణిజ్య ప్రయోగశాలలలో వాడే ముక్క దానికంటే ఎన్నో రెట్లు పెద్దది. కాబట్టి తల్లిలోని వైరస్ పిల్లలకు చేరుతుంది. బూజును, బ్యాక్టీరియాను చంపే శుద్ధి ప్రక్రియలు కణం లోపలి వైరస్‌ను తాకవు.

అరటిలో ముఖ్యమైనది వెర్రి తల తెగులు (బంచీ టాప్). దీనిలో కొత్త ఆకులు కురచగా, సన్నగా, నిటారుగా ఒకచోట గుబురుగా నిలుస్తాయి. ఆకు ఈనెల వెంట, తొడిమపై ముదురు ఆకుపచ్చ చుక్కలు, గీతలు కనిపిస్తాయి. ఇటువంటి చెట్టుకు గెల రాదు. పేనుబంక దీనిని పక్క చెట్లకు వ్యాపింపజేస్తుంది. అందుచేత అటువంటి మొక్కను గుర్తించిన వెంటనే, ముందు పేనుబంకను చంపి, ఆపై దుంపతో సహా పెరికి నాశనం చేయవలెను.

ఈ కారణంగా భారత ప్రభుత్వ జీవసాంకేతిక శాఖ 2006లో కణజాల వర్ధన మొక్కలకు జాతీయ ధ్రువీకరణ విధానాన్ని ప్రారంభించింది. దీని ప్రకారం మొక్కలకు వైరస్ పరీక్ష, జన్యు ఏకరూపత పరీక్ష జరుగుతాయి. రైతు ఆ ధ్రువపత్రం తాను కొనే మొక్కల బ్యాచ్‌కు చెందినదా అని అడుగుట మంచిది.

కర్పూర చక్కెరకేళిలో వైరస్ సమస్య మరొక విధంగా వస్తుంది. అరటి రకాలకు మ్యూసా అక్యుమినేటా, మ్యూసా బల్బిసియానా అనే రెండు అడవి జాతులు మూలం. బల్బిసియానా వారసత్వం గల రకాల క్రోమోజోములలో అరటి చారల వైరస్ జన్యుభాగాలు నిద్రాణంగా ఇమిడి ఉండవచ్చును. కణజాల వర్ధనంలో కలిగే ఒత్తిడి వలన అవి మేల్కొని వైరస్‌గా మారవచ్చును. క్రోమోజోములోనే ఉన్నదానిని మొవ్వు కోత తొలగించలేదు. కేవలం అక్యుమినేటా వారసత్వం గల గ్రాండ్ నైన్ రకానికి ఈ చిక్కు లేదు.

తేడా మొక్కలు

మార్పిడులు పెరిగేకొద్దీ కొన్ని కణాలలో జన్యు మార్పులు జరుగుతాయి. వీటి వలన తల్లిని పోలని మొక్కలు వస్తాయి. కావెండిష్ వర్గంలో ఎక్కువగా కనబడేవి పొట్టి మొక్కలు. వీటి తొడిమలు కురచగా, ఆకులు దగ్గరదగ్గరగా ఉంటాయి. తెల్లచారలు, ముడుతలు పడిన ఆకులు కూడా గుర్తులే. ఈ కారణంగానే మార్పిడులు ఎనిమిదికి మించరాదని సాధారణ నియమం. నీడవల దశలోనే ఇటువంటి వాటిని ఏరివేయవలెను. అయితే ఈ మార్పు ఒక్కొక్కసారి మేలు చేయవచ్చును. తైవాన్‌లో కణజాల వర్ధనపు తేడా మొక్కల నుండే పనామా తెగులును కొంతవరకు తట్టుకొనే ఫార్మోసానా రకం ఎంపికైనది.

పాతపట్నం ప్రాంతంలో నాటు సమయం

శ్రీకాకుళం జిల్లాలో మహేంద్రతనయ ఒడ్డున, ఒడిషాలోని పర్లాకిమిడికి పొరుగున ఉన్న పాతపట్నం ప్రాంతానికి రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది ఎండ. ఏప్రిల్, మే నెలల వేడిగాలులలో నాటిన లేత మొక్కలు నిలువవు. రెండవది తుఫాను. ఒకే వయస్సు మొక్కలు ఒకేసారి గెల వేయడం అమ్మకానికి అనుకూలమే. కానీ గాలి వీచినప్పుడు తోటంతా ఒకేసారి గెల బరువుతో ఉంటుంది. 2018 అక్టోబరు 11న ఈ జిల్లా తీరాన్ని తాకిన తిత్లీ తుఫాను తోటలను విపరీతంగా నష్టపరచినది. గ్రాండ్ నైన్ నాటిన ఏడెనిమిది నెలలకు గెల వేసి, 11-12 నెలలకు కోతకు వస్తుంది. ఫిబ్రవరిలో నాటితే సెప్టెంబరు, అక్టోబరు నెలలలో గెలలు చెట్లపైనే ఉంటాయి. వానలు మొదలైన తరువాత జూన్, జూలైలో నాటితే, తుఫాను కాలానికి మొక్కలు గెల లేక చిన్నవిగా ఉంటాయి. మరుసటి వేసవి చివరకు కోత పూర్తవుతుంది.

ఆర్కిడ్లలో ఉపయోగం

ఆర్కిడ్ కాయలో వేలు మొదలు లక్షల వరకు విత్తనాలు ధూళివలె ఉంటాయి. వాటిలో అంకురచ్ఛదం, అనగా పిండానికి ఆహారం నిలువచేసే భాగం లేదు. ప్రకృతిలో ఒక శిలీంధ్రం విత్తనంలో ప్రవేశించి ఆహారాన్ని అందిస్తేనే మొలక వస్తుంది. అమెరికా శాస్త్రవేత్త లూయిస్ నడ్సన్ 1922లో చక్కెర గల మాధ్యమంపై, శిలీంధ్రం లేకుండానే విత్తనాలను మొలకెత్తించాడు. ఆ విత్తనం నుండి మొదట ప్రోటోకార్మ్ అనే చిన్న ఆకుపచ్చని గుండు ఏర్పడి, తరువాత ఆకు, వేరు వస్తాయి.

విత్తనపు మొక్కల పూలు ఒకదానివలె ఒకటి ఉండవు. 1960లో మోరెల్ సింబిడియం మొవ్వును పెంచగా, దాని నుండి ప్రోటోకార్మ్‌ను పోలిన గుండ్లు వచ్చాయి. వాటిని కోసినకొద్దీ మరిన్ని వచ్చాయి. పూలవ్యాపారంలో ఒకే రంగు, ఒకే పరిమాణం గల డెండ్రోబియం వంటి పూలు లభించుటకు ఇది దారితీసింది. వాండా వంటి ఆర్కిడ్లు ఒకే కొనతో పెరుగుతాయి. ఆ కొనను కోస్తే తల్లి మొక్క ఎదుగుదల దెబ్బతింటుంది. కనుక అటువంటి వాటిలో లేత ఆకు మొదళ్ళు, పూకాడ కణుపులు వాడుతారు. సీసా నుండి తీసిన మొక్కలకు మట్టి పనికిరాదు. కొబ్బరిడొక్క, బొగ్గు, ఇటుక ముక్కలపై నాటుతారు. పూతకు సాధారణంగా రెండు మూడేళ్ళు పడుతుంది.

తూర్పు కనుమలలో చెట్లపై సహజంగా పెరిగే వాండా టెస్సెల్లేటా వంటి ఆర్కిడ్లను కాపాడుటకు కూడా ఈ పద్ధతి వాడవచ్చును. అయితే ఇక్కడ అరటికి పనికివచ్చిన ఏకరూపత లోపమవుతుంది. ఒకే మొక్క ప్రతిరూపాలను అడవిలో నాటితే, ఒక్క తెగులు అన్నిటినీ నాశనం చేయగలదు. అందుచేత సంరక్షణకు పలు చెట్లపై నుండి సేకరించిన కాయల విత్తనాలను సీసాలలో మొలకెత్తించి నాటడమే సరియైన మార్గం.