చార్టులో ధర, పూల్‌లో డబ్బు

2021 అక్టోబరు చివర్లో 'స్క్విడ్' అనే క్రిప్టో టోకెన్ వచ్చింది. కొరియన్ సిరీస్ పేరు వాడుకున్నారే గానీ, ఆ సిరీస్ తీసినవాళ్లకు దీనితో సంబంధం లేదు. నవంబరు 1న ధర 2,800 డాలర్లు దాటింది, నిమిషాల్లోనే సెంటు కంటే కిందికి పడిపోయింది. అంతకుముందు చార్టు పైకి ఎగబాకుతూనే ఉంది. కొన్నవాళ్లలో చాలామందికి అమ్ముకునే దారే లేదు మరి. అమ్మకాలు లేని చార్టు పైకి కాక ఎటు పోతుంది?

పాన్‌కేక్‌స్వాప్, యూనిస్వాప్ లాంటి వికేంద్రీకృత ఎక్స్ఛేంజీల్లో మీ టోకెన్ కొనడానికి అవతల మనిషి ఉండడు. ఒక పూల్ ఉంటుంది. అందులో ఒకవైపు కొత్త టోకెన్లు, మరోవైపు అసలు డబ్బు. ఈ రెండింటి నిష్పత్తే ధర. పాత తరహా పూల్‌లో ఎవరు కొన్నా, అమ్మినా ఆ రెండు అంకెల లబ్ధం మారకూడదు.

పూల్‌లో 10 లక్షల టోకెన్లు, 20,000 డాలర్లు ఉన్నాయనుకుందాం. ధర 2 సెంట్లు. మీ దగ్గర 10 లక్షల టోకెన్లుంటే వాలెట్‌లో 20,000 డాలర్లని కనిపిస్తుంది. అన్నీ ఒకేసారి అమ్మండి: టోకెన్లు 20 లక్షలవుతాయి, లబ్ధం నిలవాలి కాబట్టి డాలర్లు 10,000కు తగ్గుతాయి. మీ చేతికొచ్చేది 10,000, అందులోంచీ కాస్త రుసుము పోతుంది. ధర అరసెంటుకు దిగింది. మీ తర్వాత అన్నే టోకెన్లతో వచ్చినవాడికి దక్కేది సుమారు 3,300. మొత్తం టోకెన్లు 10 కోట్లుంటే తెర మీద మార్కెట్ విలువ 20 లక్షల డాలర్లని చూపించి ఉండేది. కొత్తగా కొనేవాళ్లు రాకపోతే, అమ్మేవాళ్లందరికీ కలిపి పూల్‌లో ఉన్నది ఆ 20,000 మాత్రమే.

అందుకే చార్టు తెరవగానే కొవ్వొత్తుల కంటే ముందు లిక్విడిటీ అంకె చూడాలి. డెక్స్ స్క్రీనర్ లాంటి చోట్ల అది రెండు వైపుల మొత్తం. పై ఉదాహరణలో 40,000 అని పడుతుంది. అసలు డబ్బు అందులో సగమే.

ఆ సగమైనా రేపు ఉంటుందా? పూల్‌లో డబ్బు పెట్టినవాడికి బదులుగా ఎల్పీ టోకెన్లు వస్తాయి. అవి లాక్ కాకుండా సృష్టికర్త వాలెట్‌లోనే ఉంటే, ఏ క్షణంలోనైనా మొత్తం తీసేసుకోవచ్చు. రెండువైపులా సమపాళ్లలో తీస్తాడు కాబట్టి ఆ క్షణాన ధర కదలదు. చార్టు నిబ్బరంగానే ఉంటుంది. తర్వాత ఎవరో చిన్న మొత్తం అమ్మినప్పుడు కుప్పకూలుతుంది. ఎల్పీ టోకెన్లు ఎవరి దగ్గరున్నాయో బ్లాక్ ఎక్స్‌ప్లోరర్‌లో చూడవచ్చు.

లావాదేవీల జాబితాలో వేర్వేరు వాలెట్ల నుంచి అమ్మకాలు జరుగుతున్నాయో లేదో చూడండి. కొద్దిగా కొని, అందులో కొంత అమ్మి చూడటం కూడా మంచి పరీక్షే. అయితే అమ్మకాన్ని తర్వాత ఆపే మీట కాంట్రాక్ట్‌లో ఉంటే, నేడు నెగ్గిన పరీక్ష రేపటికి పూచీ కాదు.